పాత ధరకు ఇంకా టైముంది!

*పండగ ముందు ధర పెంచక తప్పదు. ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పాలి. చెబితే బెదిరించినట్టు ఉండకూడదు, చెప్పకపోతే దాచినట్టు ఉండకూడదు. ఓ పిండివంటల దుకాణం నోటీసును నూనె టిన్నుల దగ్గర్నుంచి లెక్కగట్టి రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం.*

‘ఆలసించిన ఆశాభంగం! త్వరపడండి!’ ఆటోకు మైకు కట్టుకుని ఊరంతా తిరిగిన ఈ మాట ఇప్పుడు వాట్సాప్‌లోకి వచ్చి కూర్చుంది. దసరాకు నెల ముందు నుంచే ఫోన్లలో ఇలాంటి సందేశాలు మోగుతుంటాయి:

‘నూనె ధరలు భగ్గుమంటున్నాయి! త్వరలో అన్ని పిండివంటల రేట్లూ పెరుగుతున్నాయి. ఇప్పుడే కొనుక్కోండి, తర్వాత బాధపడొద్దు. స్టాకు పరిమితం!’

ఈ నాలుగు ముక్కల్లో కొనేవాళ్లకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఎంత పెరుగుతుందో లేదు. ఎప్పటినుంచో లేదు. ‘అన్ని’ అంటే సున్నుండలు కూడానా? స్టాకు పరిమితమంటే ఎన్ని కిలోలు? ఏదీ తెలియకపోగా ‘తర్వాత బాధపడొద్దు’ అని ఓ హెచ్చరిక. చదివినవాళ్లకు రెండే దారులు... కంగారుగా కొనడమో, విసుక్కుని ఫోను పక్కన పెట్టడమో. ఎక్కువమంది రెండోదే చేస్తారు.

రాసినవాళ్లకు దురుద్దేశం ఉండాలనేం లేదు. ధర పెంచుతున్నామని చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటాన్ని కేకలతో కప్పేస్తారు. దానికి మందు మెత్తటి మాటలు కాదు, లెక్క. ఎంత, ఎప్పటినుంచి, ఎందుకు అన్న మూడింటికీ లెక్క కుదిరితే నోటీసు దానంతటదే మర్యాదగా వస్తుంది.

ఆ శనివారం ఏం జరిగింది?

2024 వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 14 శనివారం నుంచి, కేంద్ర ప్రభుత్వం దిగుమతి వంటనూనెల మీద సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద అప్పటిదాకా సున్నాగా ఉన్న మూల సుంకం 20 శాతమైంది. శుద్ధి చేసిన నూనెల మీద 12.5 శాతం ఉన్నది 32.5కు చేరింది. సెస్సులతో కలిపితే ముడి నూనె మీద మొత్తం భారం 5.5 నుంచి 27.5 శాతానికి ఎగబాకింది. నూనెగింజలు పండించే రైతుకు గిట్టుబాటు ధర దక్కాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. దసరా అక్టోబరు 12న, దీపావళి 31న. అంటే సంవత్సరంలో మూకుళ్లు ఎక్కువగా పొయ్యి మీదుండే రోజులకు ముందే దెబ్బ పడింది.

మూడు రోజుల తర్వాత, సెప్టెంబరు 17న, కేంద్ర ఆహార శాఖ నూనె పరిశ్రమ సంఘాలను పిలిచి మాట్లాడింది. పాత సుంకంతో తెచ్చిన నూనె దేశంలో సుమారు 30 లక్షల టన్నులు ఉందని, అది 45 నుంచి 50 రోజులకు సరిపోతుందని, ఆ నిల్వ అయిపోయేదాకా పాత గరిష్ఠ ధరే ఉంచాలని సూచించింది. సెప్టెంబరు 17 నుంచి 45 రోజులంటే దీపావళి దాటుతుంది. అయినా అంగళ్లలో ప్యాకెట్ల ధర ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే కల్పించుకుని, అక్టోబరు నెలాఖరు వరకు రేషన్ కార్డుదారులకు పామాయిల్ లీటరు 110 రూపాయలకు, సన్‌ఫ్లవర్ 124కు అమ్మించాల్సి వచ్చింది.

ఈ ముచ్చటలో మన నోటీసుకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. పాత ధరకు కొన్న సరుకు ఉన్నన్నాళ్లూ పాత ధరకు అమ్మొచ్చు. దేశం మొత్తానికి వేసిన ఆ లెక్కను ఓ చిన్న దుకాణానికి వేసి చూద్దాం. దుకాణం మనం ఊహించుకున్నదే, రాజమహేంద్రవరంలో ఉందనుకుందాం. ధరలు కూడా ఉదాహరణకు తీసుకున్నవే.

నూనె 23 శాతం, జంతిక 3 శాతం

జంతికలు కిలో 320 రూపాయలు. 15 కిలోల నూనె టిన్ను నిన్నటిదాకా 1,650కి వచ్చేది, ఇప్పుడు 2,025 అంటున్నారు. అంటే కిలో నూనె 110 నుంచి 135కు, దాదాపు 23 శాతం పెరిగింది. ఇక్కడే చాలామంది జారిపడతారు. నూనె 23 శాతం పెరిగింది కాబట్టి జంతికలూ 23 శాతం పెంచాలనుకుని, 320ని 390 చేసేస్తారు.

వేగిన జంతిక తన బరువులో పావు వంతు, కాస్త అటూ ఇటూగా నూనె పీల్చుకుంటుంది. మూకుట్లో నల్లబడి తీసేసిన అడుగు నూనె, పొగలో పోయినది, జల్లిగంటెకు అంటుకున్నది కలిపితే కిలో జంతికలకు 300 గ్రాములు వేసుకోవచ్చు. పెరిగిన 25 రూపాయల్లో 300 గ్రాముల వాటా ఏడున్నర రూపాయలు. చిల్లర గొడవ లేకుండా 10కి సర్దితే కొత్త ధర 330. పెరిగింది 3 శాతం పైచిలుకు, అంతే.

బియ్యప్పిండి, శనగపిండి, వాము, కూలీ ఇవేవీ సుంకంతో పెరగలేదు కదా! కూలీ, గ్యాసు కూడా ఈమధ్య పెరిగి ఉంటే ఆ మాట వేరేగా చెప్పి, దాని లెక్క వేరేగా కలపాలి. నూనె పేరు చెప్పి 70 రూపాయలు పెంచితే కొనేవాళ్లకు దొరికిపోతాం. ఎందుకంటే వాళ్లూ ఇంట్లో జంతికలు వండినవాళ్లే. కిలో పిండికి ఎంత నూనె తాగుతుందో వాళ్లకు తెలుసు.

ఇదే లెక్క ‘అన్ని వంటలు’ అనే మాటనూ కొట్టేస్తుంది. చేగోడీలు, చెక్కలు, జంతికలు నూనెలో మునిగి తేలేవి, వాటి ధర పెరుగుతుంది. సున్నుండలకు కావాల్సింది మినుములు, బెల్లం, నెయ్యి. నువ్వుండలకు నువ్వులు, బెల్లం. కొబ్బరి లౌజుకు నూనెతో పనే లేదు. వీటి ధర మారదని నోటీసులో రాయడం వల్ల రెండు లాభాలు. పెరిగినవాటి విషయంలో చెప్పిన కారణం నిజమని తెలుస్తుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు వేటివైపు మళ్లొచ్చో కూడా తెలుస్తుంది.

తేదీ ఎవరు చెప్పాలి?

‘త్వరలో’ అనే మాట నోటీసుల్లోకెల్లా చెడ్డది. దాని స్థానంలో తేదీ రావాలి. ఆ తేదీని పంచాంగం చూసి కాదు, గోదాంలో టిన్నులు చూసి పెట్టాలి.

పాత ధరకు కొన్న టిన్నులు 24 ఉన్నాయనుకుందాం. ఒక్కో టిన్ను 50 కిలోల జంతికలకు వస్తుంది. మొత్తం 1,200 కిలోలు. సెప్టెంబరు 16 సోమవారం నోటీసు పెడుతున్నాం. కౌంటరు మీద రోజుకు 20 కిలోలు పోతాయి. నెలాఖరు దాకా 15 రోజులకు 300 కిలోలు తీసేస్తే 900 కిలోల పండగ ఆర్డర్లు పాత ధరకు ఇవ్వొచ్చు. కాబట్టి సెప్టెంబరు 30 ఆఖరు తేదీ అని రాసేయబుద్ధవుతుంది. నెలాఖరు కాబట్టి గుర్తుంచుకోవడమూ తేలిక.

కానీ జీతాలు పడేది ఒకటో తారీఖున. 30న గడువు ముగిస్తే నెల జీతం మీద బతికే ఇల్లు ఆ నోటీసును కిటికీలోంచి చూసినట్టే చూడాలి. చేతిలో డబ్బున్నవాళ్లకు పాత ధర, లేనివాళ్లకు కొత్త ధర అన్నట్టవుతుంది. ఎంత తియ్యగా రాసినా వాళ్లకది బెదిరింపే. అందుకని గడువును అక్టోబరు 5 శనివారానికి జరపాలి. జరిపితే కౌంటరుకు 20 రోజులకు 400 కిలోలు పోతాయి, ఆర్డర్లకు 800 మిగులుతాయి. ఆర్డర్లు 100 కిలోలు తగ్గినా, ఆ తేదీ ఎక్కువ ఇళ్లకు అందుతుంది. ఎవరో ఒకరే పాతిక కిలోలు పట్టుకుపోయి పక్క వీధిలో అమ్ముకోకుండా ఇంటికి 5 కిలోలని హద్దు పెడితే కనీసం 160 ఇళ్లకు పాత ధర దక్కుతుంది.

ముందే కొనడం కాదు, ముందే చెప్పడం

చీరైతే నెల ముందు కొని బీరువాలో పెట్టుకోవచ్చు. జంతికలు అలా కాదు. గాలి తగలకుండా డబ్బాలో పెట్టినా మూడు నాలుగు వారాలు దాటితే నూనె వాసన కొడతాయి. సెప్టెంబరులో కొన్నవి దీపావళికి చుట్టాల ముందు పెట్టలేం. అలాంటప్పుడు ‘ఇప్పుడే కొనండి’ అనడం కొనేవాళ్లకు నష్టం కలిగించే సలహా. ‘ఇప్పుడు చెప్పండి, పండక్కి తీసుకోండి’ అన్నదే సరైన మాట. ధర ఈ రోజుది, వంట ఆ రోజుది.

మరి ఇందులో దుకాణానికేం మిగులుతుంది? కిలోకు పది చొప్పున 800 కిలోల మీద రావాల్సిన 8 వేలు వదులుకుంటోంది కదా అనొచ్చు. పాత టిన్నులు అయిపోయాక కొత్తవి 2,025కే కొనాలి, ఆ డబ్బు పాత ధరల అమ్మకంలోంచే రావాలన్న వర్తకుల బాధ కూడా నిజమే. దానికి జవాబు అడ్వాన్సులో ఉంది. కిలోకు 50 రూపాయలు తీసుకుంటే 800 కిలోలకు 40 వేలు ముందే చేతికొస్తాయి. కొత్త ధర మీద కూడా 19 టిన్నులకు అది సరిపోతుంది. వడ్డీకి తేనక్కర్లేదు.

అంతకంటే పెద్ద లాభం మూకుడు దగ్గర. ఆ వంటగదిలో రోజుకు 80 కిలోలకు మించి వేగవనుకుందాం. దసరా ముందు నాలుగు రోజుల్లో, అంటే అక్టోబరు 8 నుంచి 11 వరకు, 320 కిలోలే వస్తాయి. అందరూ 10వ తారీఖు సాయంత్రం వచ్చి నిలబడితే వంటవాళ్లు అర్ధరాత్రి దాకా వేయించాలి. తొందరలో మంట పెంచితే పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉంటాయి. ఎవరికి ఏ రోజు కావాలో మూడు వారాల ముందు తెలిస్తే పిండి పట్టించడం నుంచి మనుషుల్ని మాట్లాడుకోవడం దాకా అన్నీ సర్దుకుంటాయి. అసలైన పరిమితి స్టాకు కాదు, ఈ 80 కిలోలే. ‘స్టాకు పరిమితం’ బదులు ‘10వ తేదీ నిండిపోయింది, 8, 9 తేదీలు ఖాళీగా ఉన్నాయి’ అని రాస్తే అదీ తొందరపెట్టే మాటే, కాకపోతే నిజం.

ఇదిగో నోటీసు

ఈ లెక్కలన్నీ అయ్యాక రాయడానికి పెద్దగా శ్రమ ఉండదు.

> అక్టోబరు 5 వరకు పాత ధరే
>
> నమస్కారమండీ. వంటనూనె ధర పెరగడం వల్ల అక్టోబరు 6 నుంచి జంతికలు, చేగోడీలు, చెక్కలు కిలోకు 10 రూపాయలు పెరుగుతాయి. జంతికలు 320 నుంచి 330 అవుతాయి. సున్నుండలు, నువ్వుండలు, కొబ్బరి లౌజు ధరల్లో మార్పు లేదు.
>
> మా దగ్గర పాత ధరకు కొన్న నూనె కొంత ఉంది. దాంతో 800 కిలోల వరకు పండగ ఆర్డర్లు పాత ధరకే తీసుకుంటున్నాం, ఇంటికి 5 కిలోల దాకా. అక్టోబరు 5 రాత్రి 9 గంటల్లోపు చెబితే చాలు. దసరాకైనా, దీపావళికైనా మీరు కోరిన రోజున తాజాగా వండి ఇస్తాం.
>
> అడ్వాన్సు కిలోకు 50 రూపాయలు. తీసుకునే రోజుకు 3 రోజుల ముందు వరకు వద్దనుకుంటే పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాం. ఈలోగా ధర తగ్గితే మీకూ తగ్గిన ధరే.
>
> 6వ తేదీ తర్వాత వచ్చినా సరుకు దొరుకుతుంది, కొత్త ధరకు.

మొదటి వరుసలో పెరుగుదల లేదు, గడువుంది. ఫోనులో సందేశం తెరవకముందు కనిపించేది ఆ ఒక్క వరుసే. అది చూసినవాళ్లకు ‘ఇంకా టైముంది’ అనిపించాలి. అలాగని పెరుగుదలను అడుగున చిన్న అక్షరాల్లో దాచలేదు. రెండో వరుసలోనే అంకెతో సహా ఉంది.

కారణానికి నాలుగు మాటలు సరిపోయాయి. సుంకాల శాతాలు, ఉక్రెయిన్, ఇండోనేసియా అన్నీ ఏకరువు పెడితే సంజాయిషీలా ఉంటుంది. అడిగినవాళ్లకు కౌంటరు దగ్గర చెప్పొచ్చు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది ఆఖరి వరుస. చాలామంది వ్యాపారులు దీన్ని రాయడానికి ఇష్టపడరు, తొందర తగ్గిపోతుందని భయం. బెదిరింపుకూ కబురుకూ తేడా ఈ వరుసలోనే ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పోయేది కిలోకు పది రూపాయలు మాత్రమే, పండగ కాదు. ఆ నష్టం ఎంతో ముందే తెలిస్తే తొందరపడాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. 5 కిలోలకు 50 రూపాయలు మిగుల్తాయనుకున్నవాళ్లు వస్తారు, అర కిలో కొనేవాళ్లు తీరిగ్గా వస్తారు. రెండూ దుకాణానికి మంచివే.

కౌంటరు దగ్గర తేలిపోతుంది

బోర్డు మీద ఎంత మర్యాదగా రాసినా నోటితో చెప్పేటప్పుడు చెడిపోవచ్చు. రోజూ వచ్చే ఓ పెద్దావిడ అడుగుతుంది: “ఏం బాబూ, మళ్లీ పెంచేస్తున్నారంట?”

“మేమేం చేస్తామండీ, అన్నీ పెరిగాయి. ఇప్పుడు చెప్తే చెప్పండి, తర్వాత మమ్మల్ని అనొద్దు.” ఇదో రకం.

“అవును పిన్నిగారూ, ఆరో తారీఖు నుంచి కిలోకు పది పెరుగుద్ది. మీరు ఐదులోపు చెప్పారంటే పాత రేటే. కంగారేం లేదు, ఇంట్లో కనుక్కుని చెప్పండి.” ఇది ఇంకో రకం.

ఆ ‘కంగారేం లేదు’ అనే మాట అమ్మకాన్ని చెడగొట్టదు. పిన్నిగారు ఇంటికెళ్లి కోడల్ని అడిగి, అమెరికా వెళ్లే మనవడి పెట్టెలోకి ఎన్ని కావాలో చూసుకుని, రెండు కిలోలు అనుకున్నది నాలుగు చెబుతుంది. కంగారులో చెప్పిన ఆర్డర్లే తర్వాత రద్దవుతుంటాయి.

గుర్తుచేయడం కూడా ఒక్కసారే చాలు, అదీ అక్టోబరు 3న. అప్పటికే ఆర్డరిచ్చినవాళ్లకు పంపకూడదు. ‘ఇంకా 5 రోజులే, 4 రోజులే’ అంటూ రోజూ మోగిస్తే మూడో రోజుకు మీ నంబరు మ్యూట్‌లోకి వెళ్లిపోతుంది.

ఎక్కడ చెడుతుంది?

మొదటి ప్రమాదం ‘ప్రజల కోరిక మేరకు’ అన్న మాటతో వస్తుంది. 5వ తేదీకి 500 కిలోల ఆర్డర్లే వచ్చాయనుకోండి. ఇంకా నూనె ఉంది కదా అని గడువు మరో వారం పొడిగించబుద్ధవుతుంది. పొడిగిస్తే మొదటి గడువును నమ్మి పరుగెత్తుకొచ్చినవాళ్లు వెర్రివాళ్లవుతారు. మిగిలిన నూనెను మరోలా పాత ధరకు వాడొచ్చు, ఉదాహరణకు కౌంటరు మీద ఒక్క చేగోడీలనే కొన్నాళ్లు పెంచకుండా ఉంచొచ్చు. తేదీని మాత్రం కదపకూడదు. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. రెండో తారీఖుకే 800 నిండిపోతే వెంటనే బోర్డు మార్చాలి. హద్దు ముందే రాశాం కాబట్టి ఎవరూ మోసపోయామనుకోరు.

రెండోది, ధర ఎప్పుడూ పైకే పోతుందనుకోవడం. 2025 మే నెలాఖరున కేంద్రం ముడి నూనెల మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది. అదే ఏడాది సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజున, నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్యాకెట్లలో అమ్మే కారపు తినుబండారాలకూ అంతే. ఆ దసరాకు ఆగినవాళ్లే బాగుపడ్డారు. ‘తగ్గితే మీకూ తగ్గిన ధరే’ అన్న వాక్యం నోటీసులో ఉండాల్సింది ఇందుకే. పెరిగినప్పుడు పెద్ద బోర్డు పెట్టిన దుకాణం తగ్గినప్పుడు కూడా అదే సైజు బోర్డు పెట్టాలి మరి!

మూడోది చట్టంతో తంటా. విడిగా తూచి ఇచ్చే జంతికల ధర మార్చుకోవచ్చు గానీ, గరిష్ఠ ధర ముద్రించిన ప్యాకెట్ల సంగతి వేరు. తూనికలు, కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ నిబంధనల ప్రకారం ముద్రించిన ధరకు మించి అమ్మకూడదు. ఆ అంకెను చెరిపేయడం గానీ, పైన ఎక్కువ ధర స్టిక్కరు అంటించడం గానీ కుదరదు. తగ్గించిన ధర స్టిక్కరు వేయొచ్చు, అదీ పాత ధర కనబడేలాగే. పాత ప్యాకెట్లు అయిపోయేదాకా పాత ధరే అన్నది అక్కడ మర్యాద కాదు, చట్టం. అలాగే 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మోసపూరిత పద్ధతులని 13 గుర్తించింది. ప్రధానంగా ఆన్‌లైన్ అమ్మకాల కోసం తెచ్చిన ఆ జాబితాలో లేని తొందరను సృష్టించడమూ ఒకటి. నిండా సరుకుండగా ‘ఇంకా రెండే మిగిలాయి’ అనడం దాని కిందకే వస్తుంది. ఇలాంటివి ఎదురైతే కొనేవాళ్లు 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు.

నోటీసు పనిచేసిందా లేదా?

మొత్తం ఎన్ని కిలోల ఆర్డర్లు వచ్చాయన్నది ఒక్కటే చూస్తే తెలియదు. తీసుకునే తేదీలు ఎలా పరుచుకున్నాయో చూడాలి. 8, 9 తేదీలు కూడా నిండాయంటే జనం నోటీసు చదివి సర్దుకున్నారన్నమాట. అన్నీ 10, 11 తేదీల మీదే పడితే ఖాళీ ఉన్న రోజుల సంగతి మనం సరిగా చెప్పలేదని అర్థం. ఇచ్చిన ఆర్డర్లలో ఎన్ని రద్దయ్యాయో చూడాలి. అవి ఎక్కువగా ఉంటే చెప్పడంలో ఎక్కడో కంగారు పెట్టాం.

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు అక్టోబరు 6 తర్వాత కనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ‘330 అన్నారుగా’ అని తామే చెప్పి డబ్బు తీసిస్తే, బేరానికి దిగకపోతే, నోటీసు వాళ్లదాకా చేరిందన్నమాట, వాళ్లు నమ్మారన్నమాట. ఆ రోజు ఎవరైనా పాత పరిచయం మీద ‘నాకు మాత్రం 320కే ఇవ్వు’ అంటే నవ్వుతూనే కాదనాలి. ఒక్కరికి సడలించినా 5వ తేదీకి ముందు వచ్చిన 160 ఇళ్లకు ఇచ్చిన మాట పలచనవుతుంది, సంక్రాంతికి పెట్టే నోటీసును ఎవరూ లెక్కచేయరు.